సెమిస్టర్ నోట్సును ఓపెన్ బుక్ పరీక్ష బైండర్‌గా కుదించడం: ట్యాబులు, ఇండెక్సు, క్విక్ పేజీలు

ఓపెన్ బుక్ పరీక్షకి పుస్తకాలన్నీ మోసుకెళ్లి, హాల్లో పేజీలు తిరగేస్తూనే సమయం గడిపేసేవాళ్లు చాలామంది. చిన్న లెక్క చూడండి. మూడు గంటల పేపరు, ఐదు ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి ఆరుసార్లు నోట్సు చూడాల్సి వచ్చిందనుకుందాం. వెతుకులాటకి ప్రతిసారీ రెండు నిమిషాలు పడితే గంట పోయినట్టే. అదే ఇరవై సెకన్లలో దొరికితే పది నిమిషాలతో సరిపోతుంది. బైండర్ పని ఈ తేడా తేవడమే. సబ్జెక్టు నేర్పడం దాని పని కాదు.

మొదటి నుంచి చివరి దాకా ఒకే సబ్జెక్టు పట్టుకుని చూద్దాం: హీట్ ట్రాన్స్‌ఫర్. సూత్రాలు ఎక్కువ, ప్రతి సూత్రానికీ షరతులుంటాయి, వెనక ప్రాపర్టీ టేబుళ్లుంటాయి. ఇక్కడ పనిచేసిన పద్ధతి సర్క్యూట్లకీ, స్టాటిస్టిక్సుకీ, స్ట్రక్చర్సుకీ సరిపోతుంది. మొదలుపెట్టేటప్పటికి చేతిలో రెండు వందల పేజీల నోట్సు ఉందనుకోండి. చివరికి 45 నుంచి 60 పేజీలు మిగలాలి. పనికి 15 నుంచి 20 గంటలు పడుతుంది కాబట్టి పరీక్షకి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

## 1. ముందు నియమాలు, తర్వాత సరంజామా

కాగితం ముట్టుకోకముందే పరీక్ష నియమాలు రాతపూర్వకంగా ఉన్నవి తెచ్చుకుని చదవండి. "ఓపెన్ బుక్" అన్న మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం ఉంటుంది. ఈ ప్రశ్నలకి జవాబు దొరకాలి:

- విడి కాగితాలు తేవచ్చా, కట్టిన పుస్తకమే తేవాలా? రింగు బైండర్‌ని కట్టిన పుస్తకంగా ఒప్పుకుంటారా?
- ప్రింటు తీసినవి సరేనా, చేతిరాతే ఉండాలా?
- సాల్వ్ చేసిన లెక్కలు ఉండొచ్చా?
- అంటించిన ట్యాబులు, స్టిక్కీ నోట్సు అనుమతిస్తారా?
- పేజీల సంఖ్యకి పరిమితి ఉందా?

మూడో ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. సాల్వ్ చేసిన లెక్కలు కుదరవంటే బైండర్ రూపమే మారిపోతుంది. అందుకే అది ముందే తేలాలి.

సరంజామాలో రింగు ముఖ్యం. గుండ్రటి రింగు కన్నా డి ఆకారపు రింగున్న బైండర్ మేలు. పేజీలు ఒకే గీతలో నిలుస్తాయి, తెరిచినప్పుడు బల్ల మీద చదునుగా పడుకుంటాయి. 25 మిల్లీమీటర్ల రింగు చాలు. అంతకన్నా లావుది తెచ్చుకుంటే దాన్ని నింపాలనే బుద్ధి పుడుతుంది.

ప్లాస్టిక్ కవర్ల జోలికి పోకపోవడమే మంచిది. అవి ఏ4 కాగితం కన్నా వెడల్పుగా ఉంటాయి కాబట్టి మామూలు డివైడర్ల ట్యాబులు వాటి వెనక దాక్కుంటాయి. హాల్లో లైటు పడి మెరుస్తాయి, పేజీ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడమూ కుదరదు. రోజూ తిరగేసే నాలుగైదు పేజీల రంధ్రాలు చిరుగుతాయని భయముంటే రంధ్రాల చుట్టూ అంటించే చిన్న రింగు స్టిక్కర్లు వాడండి.

## 2. పాత పేపరు రెండుసార్లు చేయండి, కత్తిరింపు ఆ తర్వాత

ఇది చాలామంది దాటేసే మెట్టు. నోట్సు మొదటి పేజీ నుంచి కుదించుకుంటూ పోతే, టీచరు ఏ వరసలో చెప్పారో ఆ వరసలోనే చిన్న నోట్సు తయారవుతుంది. పరీక్షలో ప్రశ్న ఆ వరసలో రాదు.

దీనికి బదులు రెండు పాత పేపర్లు తీసుకుని, ఉన్న నోట్సు ఉన్నట్టే పక్కన పెట్టుకుని చేయండి. గడియారం అక్కర్లేదు. ఏదైనా వెతకడానికి చేయి నోట్సు మీదకి వెళ్లిన ప్రతిసారీ ఒక తెల్లకాగితం మీద ఒక వరస రాయండి: ఏం కావాలి, ఏ మాటతో వెతికారు, ఎక్కడ దొరికింది. ఇలా:

- 40 డిగ్రీల దగ్గర నీటి k విలువ. "నీరు" అని వెతికాను. టెక్స్ట్‌బుక్ చివర్లో దొరికింది.
- గొట్టంలో టర్బులెంట్ అయితే ఏ సూత్రం. "గొట్టం" అని వెతికాను. నాలుగు చోట్ల ఉంది, ఏది వాడాలో తెలియలేదు.
- ఫిన్ కొస ఇన్సులేట్ అయితే ఏం మారుతుంది. "టిప్" అని వెతికాను. దొరకలేదు.

రెండు పేపర్లకీ కలిపి నలభై, యాభై వరసలు వస్తాయి. ఈ కాగితం పారేయకండి. మొదటి కాలమ్‌లోంచి బైండర్‌లో ఏం ఉండాలో తేలుతుంది. రెండో కాలమ్ రేపు ఇండెక్సుకి పనికొస్తుంది. ఏ పేజీ తిరగరాయాలో మూడో కాలమ్ చెబుతుంది.

## 3. ట్యాబులు: ఎన్ని, ఏ పేర్లతో

ట్యాబు పేరు చదవగానే "నా ప్రశ్న ఇక్కడిదే" అనిపించాలి. "యూనిట్ 3" అని రాస్తే అందులో ఏముందో మీరు మళ్లీ గుర్తు తెచ్చుకోవాల్సి వస్తుంది. హీట్ ట్రాన్స్‌ఫర్‌కి ఈ పది సరిపోతాయి:

- 0: క్విక్ పేజీలు
- 1: స్టెడీ కండక్షన్ (గోడ, గొట్టం, ఇన్సులేషన్)
- 2: ఫిన్లు
- 3: కాలంతో మారే కండక్షన్
- 4: బయటి ప్రవాహం (ప్లేటు, సిలిండరు)
- 5: గొట్టం లోపలి ప్రవాహం
- 6: న్యాచురల్ కన్వెక్షన్
- 7: రేడియేషన్
- 8: హీట్ ఎక్స్‌ఛేంజర్లు
- 9: ప్రాపర్టీ టేబుళ్లు

ఇండెక్సు వీటన్నిటికీ ముందు, అట్ట తెరవగానే ఉండాలి. పది దాటితే ట్యాబులు ఇరుకవుతాయి. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పది ట్యాబులైతే ఒక్కోదానికి 27 మిల్లీమీటర్లు ఇచ్చి మధ్యలో కాస్త ఖాళీ వదలొచ్చు. మెట్లు మెట్లుగా దిగుతూ ఒకటి మరొకదాన్ని కప్పకుండా ఉంటాయి. ట్యాబు మీద అంకె పెద్దగా, దాని పక్కన ఒకే మాట. రెండు వైపులా రాయండి, ఎందుకంటే వెనక్కి తిరగేసేటప్పుడూ కనబడాలి.

పేజీ నంబరు ట్యాబు అంకెతో మొదలవ్వాలి: 5.1, 5.2, 5.3. బైండర్ మొత్తానికి 1 నుంచి 60 దాకా వరసగా వేస్తే, మధ్యలో ఒక్క పేజీ చేర్చగానే ఇండెక్సు మొత్తం తప్పవుతుంది. ట్యాబువారీగా వేస్తే ఆ దెబ్బ ఒక్క ట్యాబుతో ఆగుతుంది.

ప్రతి ట్యాబులోనూ పేజీల వరస ఒకేలా ఉంచండి. మొదటిది ఎప్పుడూ ఆ అంశపు ప్రధాన పేజీ, తర్వాత వివరాలు, చివరిది నమూనా లెక్క. అప్పుడు ఏ ట్యాబు తెరిచినా ఏది ఎక్కడుందో చేతికి తెలిసిపోతుంది.

## 4. కుదించడం: పద్దెనిమిది పేజీల నుంచి ఒక్క పేజీ

గొట్టం లోపలి ప్రవాహం నోట్సు పద్దెనిమిది పేజీలుందనుకుందాం. అందులో సూత్రాలెలా వచ్చాయో చూపే డెరివేషన్లుంటాయి, బౌండరీ లేయర్ ఎదిగే బొమ్మలుంటాయి, నాలుగు సాల్వ్ చేసిన లెక్కలుంటాయి. మూడు దఫాలుగా కోయండి.

మొదటి దఫా: తీసేయడం. డెరివేషన్ పూర్తిగా పోతుంది. దాని మొదట్లో వేసుకున్న ఊహలు మాత్రం మిగులుతాయి, ఎందుకంటే సూత్రం ఎక్కడ చెల్లుతుందో అవే చెబుతాయి. మీకు ఆలోచించకుండా వచ్చేవి కూడా తీసేయండి. ఇక్కడ మొహమాటం వద్దు. డెరివేషనే అడిగే పేపరైతే, అడగొచ్చనిపించిన రెండింటిని మాత్రం ఆ ట్యాబు చివర ఉంచండి.

రెండో దఫా: ప్రశ్న చేసే వరసలో పేర్చడం. నోట్సులో లామినార్ ముందు, టర్బులెంట్ తర్వాత, ఉష్ణోగ్రత ఎక్కడ తీసుకోవాలో ఎక్కడో మధ్యలో ఉంటాయి. లెక్క చేసేటప్పుడు మాత్రం మొదట కావాల్సింది ఆ ఉష్ణోగ్రతే. పేజీలో అదే పైన ఉండాలి.

మూడో దఫా: ప్రతి సూత్రం పక్కన దాని షరతు. షరతు లేని సూత్రం బైండర్‌లోకి రాకూడదు.

ఇవన్నీ అయ్యాక 5.1 పేజీ ఇలా ఉంటుంది. పైన ఒక్క వాక్యం: "గొట్టంలో ఏదో పారుతోంది, h, బయటికొచ్చే ఉష్ణోగ్రత, లేదా పొడవు అడిగారు." కింద మెట్లు:

```
1. T_m = (T_in + T_out)/2
2. Re = ρVD/μ = 4ṁ/(πDμ)
3. Re < 2300:   Nu = 3.66  (T_s const)
                Nu = 4.36  (q'' const)
   Re > 10000:  Nu = 0.023 Re^0.8 Pr^n
   2300–10000:  → 5.2
4. h = Nu·k/D
5. (T_s−T_out)/(T_s−T_in) = exp(−hπDL/(ṁ·c_p))
```

ఒక్కో మెట్టు పక్కన ఎర్ర సిరాతో షరతులు. మొదటి మెట్టు పక్కన "ప్రాపర్టీలన్నీ T_m దగ్గరే. T_out తెలియకపోతే ఊహించు, చివర్లో సరిచూడు." మూడో మెట్టు పక్కన "లామినార్ విలువలు ప్రవాహం పూర్తిగా కుదురుకున్నాకే. n = 0.4 ద్రవం వేడెక్కుతుంటే, 0.3 చల్లబడుతుంటే. Pr 0.6 నుంచి 160 మధ్య, L/D కనీసం 10." అయిదో మెట్టు పక్కన "గోడ ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటేనే." గొట్టం గుండ్రంగా లేకపోతే D బదులు D_h = 4A/P వాడాలన్న ముక్క అడుగున ఉంటుంది.

మొదటి మెట్టు పక్కనున్న ఆ చిన్న మాట ఎంత పని చేస్తుందో అంకెల్లో చూడండి. 25 మిల్లీమీటర్ల గొట్టంలో నీరు సెకనుకి ఒక మీటరు వేగంతో పారుతోంది. లోపలికి 20 డిగ్రీల దగ్గర వస్తోంది, 60 దగ్గర బయటికి పోతోంది. సగటు 40 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ప్రాపర్టీలు తీసుకుంటే Re సుమారు 38,000, Nu సుమారు 190, h సుమారు 4,800 W/m²K వస్తుంది. కంగారులో లోపలికొచ్చే ఉష్ణోగ్రత 20 దగ్గరే తీసుకుంటే Re సుమారు 24,900కి, h సుమారు 3,940కి పడిపోతుంది. తేడా 18 శాతం. సూత్రం సరైనదే, కూడికలూ సరైనవే, జవాబు మాత్రం తప్పు. ఇలాంటి తప్పు సరిచూసుకున్నా కంటపడదు. అందుకే ఆ మాట సూత్రం కన్నా పైన ఉండాలంటున్నాం.

రాసేటప్పుడు పాటించాల్సిన కొలతలు కొన్నే. ప్రింటు అయితే 10 పాయింట్ల కన్నా చిన్న అక్షరం వద్దు. రింగు వైపు 25 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, లేకపోతే రంధ్రం సూత్రం మీదే పడుతుంది. నాలుగు పేజీలు ఒక కాగితం మీద కుదించి జిరాక్సు తీయడం కుదింపు కాదు. చదవాల్సింది అంతే ఉంటుంది, అక్షరాలే చిన్నవవుతాయి. రంగులు మూడు: సూత్రానికి నలుపు, షరతుకి ఎరుపు, "మరో పేజీ చూడు" అనడానికి నీలం. హైలైటర్‌తో పేజీ అంతా పసుపు చేస్తే ఏదీ ప్రత్యేకంగా కనబడదు.

నమూనా లెక్కలు ఒక్కో ట్యాబుకి ఒకటి, మహా అయితే రెండు. పూర్తి కూడికలు అక్కర్లేదు. ఎడమ పక్క మెట్టు, కుడి పక్క ఆ మెట్టు ఎందుకో ఒక మాట. ఎక్కువ లెక్కలు పెట్టుకుంటే హాల్లో మీ ప్రశ్నలాంటిది వెతకడానికే సమయం పోతుంది, దొరికాక దాని అంకెలు పొరపాటున దింపేసే ప్రమాదం మరొకటి.

## 5. క్విక్ పేజీలు: నాలుగు చాలు

0 ట్యాబులో పేజీలు చేయడం అన్నిటికన్నా చివరి పని. ముందే చేస్తే అవి మరో సూత్రాల పట్టీగా మిగిలిపోతాయి.

0.1 దారి చూపే పేజీ. ప్రశ్న చదవగానే ఏ ట్యాబుకి వెళ్లాలో చెప్పాలి. సూత్రాలేవీ ఉండవు, ప్రశ్నలే ఉంటాయి. రెండు ద్రవాలు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటున్నాయా? 8. ఉష్ణోగ్రత కాలంతో మారుతోందా? 3. ద్రవం గొట్టం లోపలా, బయటా? 5 లేదా 4. ఫ్యాను, పంపు ఏవీ లేకుండా దానంతటదే కదులుతోందా? 6. ఎదురెదురు ఉపరితలాలు, వాటి ఎమిసివిటీలు ఇచ్చారా? 7. ఒకే ప్రశ్న రెండు ట్యాబులకి పోతే రెండూ రాయండి. వేడి గొట్టం గాలిలో ఉంటే 6, 7 రెండూ కావాలి. ఆ రెండో అంకె మర్చిపోయే మార్కులు పోగొట్టుకుంటారు.

0.2 ఒకే అక్షరం, రెండు అర్థాలు. మా దృష్టిలో బైండర్ మొత్తంలో విలువైన పేజీ ఇదే. ఇది టెక్స్ట్‌బుక్‌లో ఎక్కడా ఒకచోట ఉండదు. హీట్ ట్రాన్స్‌ఫర్‌లో మొదటి వరస Bi. వస్తువంతా ఒకే ఉష్ణోగ్రత అనుకోవచ్చా లేదా అని తేల్చడానికి Bi 0.1 కన్నా తక్కువుందా అని చూస్తాం. అక్కడ పొడవు అంటే ఘనపరిమాణాన్ని ఉపరితల వైశాల్యంతో భాగించగా వచ్చేది, గోళానికైతే వ్యాసార్ధంలో మూడో వంతు. అదే గోళానికి ఉష్ణోగ్రత చార్టులు వాడేటప్పుడు Bi లో పూర్తి వ్యాసార్ధం పెట్టాలి. పేరు ఒకటే, విలువ మూడింతలు. రెండో వరస, ప్రాపర్టీలు తీసుకునే ఉష్ణోగ్రత: గొట్టం లోపలైతే ద్రవపు సగటు, బయటి ప్రవాహానికి సాధారణంగా గోడ ఉష్ణోగ్రతకీ దూరంగా ఉన్న ద్రవం ఉష్ణోగ్రతకీ సగటు. మూడో వరస T: కండక్షన్‌లో తేడా తీసుకుంటాం కాబట్టి సెల్సియస్ అయినా నడుస్తుంది, రేడియేషన్‌లో నాలుగో ఘాతం కాబట్టి కెల్విన్ తప్పదు.

మీ సబ్జెక్టుకి ఈ పేజీ ఎలా తయారవుతుంది? దిద్ది ఇచ్చిన అసైన్‌మెంట్లు తీసి ఎర్ర గీతలు చూడండి. అర్థం కాక తప్పినవి పక్కన పెట్టండి. తెలిసీ తప్పు విలువ వేసినవి ఏరండి. ఎనిమిది నుంచి పన్నెండు వరసలు వస్తాయి.

0.3 స్థిరాంకాలు, యూనిట్లు. σ = 5.67 × 10⁻⁸ W/m²K⁴ లాంటివి, తరచూ చేసే మార్పిడులు. అర పేజీ సరిపోతుంది.

0.4 ఎక్కువ వాడే విలువలు. నీరు, గాలి ప్రాపర్టీలు 20, 40, 60, 80 డిగ్రీల దగ్గర, కాలమ్ శీర్షికలో యూనిటుతో సహా. పూర్తి టేబుళ్లు 9లో ఉంటాయి. టేబుల్ దించేటప్పుడు 10 ఘాతం దగ్గర జాగ్రత్త. శీర్షికలో μ × 10³ అని ఉండి కింద 0.653 అని ఉంటే అసలు విలువ 0.000653. ఇది దించుకునేటప్పుడు తలకిందులైతే హాల్లో దిద్దుకునే దారి ఉండదు. దించాక ఒక్క వరస టెక్స్ట్‌బుక్‌తో పోల్చి చూడండి.

## 6. ఇండెక్సు: మీరు వెతికే మాటతో రాయాలి

విషయసూచిక వేరు, ఇండెక్సు వేరు. విషయసూచికలో బైండర్ వరస ఉంటుంది. ఇండెక్సులో మీ బుర్రలో మెదిలే మాటలు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పేజీకి మూడు నాలుగు మాటల నుంచి దారి ఉండాలి. 5.1 పేజీకి ఇండెక్సులో "గొట్టం లోపల ప్రవాహం", "టర్బులెంట్, గొట్టం", "నసెల్ట్ నంబరు, గొట్టం", "బయటికొచ్చే ఉష్ణోగ్రత" అన్నీ ఉండాలి. రెండో మెట్టులో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. "ఏ మాటతో వెతికారు" అన్న కాలమ్‌లో ఉన్న ప్రతి మాటా ఇండెక్సులోకి రావాలి. పరీక్ష పేపరు ఏ భాషలో వస్తుందో ఆ భాషలో, ఆ అక్షరక్రమంలో రాయండి. ప్రశ్నలోని మాట నేరుగా ఇండెక్సులో వెతకగలగాలి.

తయారీ తేలిక. స్ప్రెడ్‌షీటులో మూడు కాలమ్‌లు: మాట, వివరం, పేజీ. ఒక్కో పేజీ పూర్తవగానే దాని మాటలు అప్పుడే ఎక్కించండి. చివర్లో మాట కాలమ్ మీద సార్ట్ చేసి, రెండు వరసలుగా ప్రింటు తీయండి. 50 పేజీల బైండర్‌కి 120 నుంచి 150 ఎంట్రీలు వస్తాయి, రెండు మూడు పేజీల్లో సర్దుకుంటాయి. మూడు వందలు దాటితే ఇండెక్సునే వెతకాల్సి వస్తుంది.

గుర్తుల కోసం విడిగా చిన్న పట్టీ ఉండాలి. α, ε, ν లాంటివి అక్షరక్రమంలో ఇమడవు. రేడియేషన్‌లో α అబ్సార్ప్టివిటీ, కాలంతో మారే కండక్షన్‌లో α థర్మల్ డిఫ్యూజివిటీ. పట్టీలో రెండు వరసలూ రాసి చెరో పేజీ ఇవ్వండి.

ఒకే ఎంట్రీ ముందు అయిదు పేజీ నంబర్లుంటే అది పనికిరాదు. "కన్వెక్షన్: 4.1, 4.3, 5.1, 5.2, 6.1" చూసినవాడు అయిదూ తిరగేయాలి. దాన్ని విడగొట్టండి, లేదా ముఖ్యమైన పేజీ కింద గీత గీయండి.

## 7. పరీక్షించడం, దిద్దడం

ఇంతవరకూ ముట్టని మూడో పాత పేపరు తీయండి. ఈసారి గడియారం పెట్టి, బైండర్ తప్ప మరేదీ దగ్గర లేకుండా చేయండి. ఇరవై సెకన్లు దాటిన ప్రతి వెతుకులాట పక్కన గుర్తు పెట్టుకోండి. అయ్యాక కారణం చూడండి. లోపాలు సాధారణంగా ఇలా ఉంటాయి:

- ఇండెక్సులో మాట దొరకలేదు, పేజీ మాత్రం ఉంది. పేజీ ముట్టకండి, మీరు వెతికిన మాటని ఇండెక్సులో చేర్చండి.
- పేజీ దొరికింది, అందులో సూత్రం వెంటనే కనబడలేదు. పేజీ కిక్కిరిసింది. రెండుగా విడగొట్టండి.
- సూత్రం దొరికింది, వాడొచ్చా లేదా తేలలేదు. షరతు లేదు. ఎర్ర సిరాతో చేర్చండి.
- 5.1కీ 9కీ మధ్య పదే పదే తిరిగారు. అక్కడ వెతికిన విలువలు 0.4లోకి తీసుకురండి, లేదా 9 ట్యాబులోని ఆ పేజీకి పై అంచున వేరే రంగు ట్యాబు అంటించండి. పక్క అంచు సెక్షన్లకి, పై అంచు పదే పదే తీసే పేజీలకి. పై అంచున నాలుగు మించకూడదు.
- ఏ పేజీ దగ్గరికీ వెళ్లలేదు, అయినా ప్రశ్న చేయలేకపోయారు. ఇది బైండర్ లోపం కాదు. ఆ అంశం చదవాలి, పేజీలు చేర్చి లాభం లేదు.

మూడు పేపర్లలో ఒక్కసారీ అవసరం పడని పేజీలు కూడా బయటపడతాయి. వాటిని తీసేయకపోయినా ఆయా ట్యాబుల వెనక్కి జరపండి.

## 8. చివరి రెండు రోజులు

కొత్త పేజీలు ఆపేయండి. ఇండెక్సులో లేని పేజీ హాల్లో ఉన్నా లేనట్టే, పైగా చివరి నిమిషంలో రాసిన సూత్రాన్ని పోల్చి చూసే ఓపిక ఉండదు. మిగిలిన సమయంలో ఇండెక్సులోంచి పాతిక ఎంట్రీలు తోచినట్టు తీసి, ఆ పేజీలో అది నిజంగా ఉందో లేదో చూడండి. రెండు మూడు తప్పులు దొరికితే మొత్తం సరిచూడాల్సిందే.

సంచిలో పెట్టేముందు:

- పేజీలన్నీ వరసలో ఉన్నాయి, ఏదీ తలకిందులుగా లేదు.
- రింగులు పూర్తిగా మూసుకుంటున్నాయి. మధ్యలో సందుంటే కాగితం చిక్కుకుని చిరుగుతుంది.
- ప్రతి పేజీ మీదా నంబరు ఉంది. బైండర్ కింద పడి పేజీలు చెదిరినా మళ్లీ పేర్చుకోవచ్చు.
- నియమాల్లో వద్దన్నదేదీ లోపల మిగల్లేదు. పాత స్టిక్కీ నోట్సు, మడిచిన రఫ్ కాగితాలు తీసేశారు.
- కాలిక్యులేటరు, స్కేలు విడిగా ఉన్నాయి. చార్టు మీద విలువ చదవడానికి పారదర్శకమైన స్కేలయితే గీత కనబడుతుంది.

హాల్లో పేపరు చేతికి రాగానే ఏ ప్రశ్నా మొదలుపెట్టకుండా 0.1 పేజీ తెరిచి, ప్రతి ప్రశ్న పక్కన పెన్సిలుతో ట్యాబు అంకె వేసుకోండి. దీనికి మూడు నాలుగు నిమిషాలు చాలు. తర్వాత ఒకే ట్యాబుకి చెందిన ప్రశ్నలు వెంటవెంటనే చేస్తే తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంటుంది.